క్లాసులో గది గీస్తే గదే వస్తోంది, ఇంట్లో అవే అంకెలు కొడితే మెట్లు వస్తున్నాయి: ఆటోక్యాడ్‌లో కోఆర్డినేట్ల సంగతి

ప్రశ్న: "నేను అమలాపురం దగ్గర సివిల్ డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాను. 12 మీటర్లు, 9 మీటర్ల గది గీయడానికి LINE ఇచ్చి 0,0 తర్వాత 12,0 తర్వాత 12,9 తర్వాత 0,9 కొడతాను. కాలేజీ కంప్యూటర్‌లో సరిగ్గా వస్తుంది. ఇంట్లో లాప్‌టాప్‌లో అవే కొడితే గీతలు మెట్లలాగా ఎక్కడికో పోతున్నాయి. @ పెట్టాలని ఒకరు, # పెట్టాలని ఒకరు చెబుతున్నారు. అసలు ఏది ఎప్పుడు వాడాలి? మా నాన్నగారి స్థలం కొలతలు కూడా గీయాలి, వాటిలో దూరాలు, దిక్కుల డిగ్రీలు ఉన్నాయి."

సమాధానం:

మీ అంకెల్లో తప్పు లేదు. మీ లాప్‌టాప్‌లో డైనమిక్ ఇన్‌పుట్, అంటే కర్సర్ పక్కన తేలే పెట్టెలో అంకెలు తీసుకునే ఏర్పాటు, ఆన్‌లో ఉంది, కాలేజీ కంప్యూటర్‌లో ఆఫ్‌లో ఉంది. తేడా అంతా అక్కడే. F12 నొక్కి దాన్ని ఆపేసి మళ్లీ అవే అంకెలు కొట్టండి, గది వస్తుంది.

ఎందుకు వస్తుందో తెలియకపోతే రేపు ఇంకో కంప్యూటర్ దగ్గర మళ్లీ ఇదే తంటా. కోఆర్డినేట్ కొట్టినప్పుడల్లా ఆటోక్యాడ్ మనసులో వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఈ అంకెలు ఎక్కడి నుంచి కొలవాలి? మూలబిందువు 0,0 నుంచి కొలిస్తే అది ఆబ్సల్యూట్. అంతకు ముందు పెట్టిన బిందువు నుంచి కొలిస్తే రిలేటివ్. ముందు బిందువు నుంచే, కానీ అడ్డం–నిలువు కాకుండా దూరం–కోణం రూపంలో కొలిస్తే పోలార్. డైనమిక్ ఇన్‌పుట్ ఆన్‌లో ఉంటే, మొదటి బిందువు తర్వాత మీరు కొట్టే ప్రతి జంటనూ అది చెప్పకుండానే రిలేటివ్‌గా తీసుకుంటుంది.

మీ గదిలో జరిగింది ఇదీ. 0,0 దగ్గర మొదలైంది. 12,0 అంటే 12 మీటర్లు కుడికి, ఇక్కడిదాకా రెండు కంప్యూటర్లలోనూ ఒకటే. మూడోది 12,9. కాలేజీలో అది మూలం నుంచి 12, 9. ఇంట్లో అది "ఇక్కడి నుంచి ఇంకో 12 కుడికి, 9 పైకి", అంటే 24,9 దగ్గరికి పోయింది. నాలుగోది 0,9 అంటే అక్కడి నుంచి నేరుగా 9 పైకి, 24,18. మీరు చూసిన మెట్లు ఇవే.

డైనమిక్ ఇన్‌పుట్ ఆన్‌లోనే ఉంచుకోవాలంటే, మూలం నుంచి కొలవమని చెప్పడానికి అంకెల ముందు # పెట్టాలి: #12,9. ముందు బిందువు నుంచి కొలవమనడానికి @ పెట్టాలి: @0,9. # పెట్టమన్నవారూ, @ పెట్టమన్నవారూ ఇద్దరూ నిజమే చెప్పారు, ఏ కంప్యూటర్‌లోనో చెప్పలేదు అంతే. నా అలవాటు: డైనమిక్ ఇన్‌పుట్ ఆన్‌లో ఉందో లేదో చూడకుండా, ముందు బిందువు నుంచి కొలిచే ప్రతిసారీ @ కొడతాను. ఆన్‌లో ఉన్నా, ఆఫ్‌లో ఉన్నా @ అర్థం మారదు. మీ గదిని ఈ పద్ధతిలో కొడితే ఏ యంత్రంలోనైనా గదే వస్తుంది.

```
LINE
0,0
@12,0
@0,9
@-12,0
C
```

ఒక మెలిక ఉంది. డైనమిక్ ఇన్‌పుట్ ఆన్‌లో ఉన్నా, కింద కమాండ్ లైన్ కిటికీలో క్లిక్ చేసి అక్కడే కొడితే @ లేని అంకెలు ఆబ్సల్యూట్‌గానే వెళతాయి. కర్సర్ పక్కన తేలే పెట్టెలోకి వెళ్లిన అంకెలు మాత్రమే రిలేటివ్ అవుతాయి. "నిన్న వచ్చింది, ఈరోజు రావడం లేదు" అనేవాళ్లలో సగం మంది సంగతి ఇదే. ఈ అలవాటు శాశ్వతంగా మార్చుకోవాలంటే DYNPICOORDS విలువను 1 చేయండి, అప్పుడు పెట్టెలో కొట్టినవి కూడా ఆబ్సల్యూట్ అవుతాయి. నేను మాత్రం మార్చను. రేపు వేరేవాళ్ల యంత్రం ముందు కూర్చుంటే చేతికి పాత అలవాటే ఉండాలి.

కామా సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కామా తర్వాత ఖాళీ వదలకండి, ఆటోక్యాడ్‌కు స్పేస్ బార్ అంటే ఎంటర్. మిల్లీమీటర్లలో గీసేటప్పుడు 12,500 అని అలవాటుగా కామాతో రాస్తాం కదా, @12,500 అని కొడితే 12 కుడికి, 500 పైకి పోతుంది. అది తప్పు అని కూడా చెప్పదు, బుద్ధిగా గీసేస్తుంది. అంకె లోపల కామా ఉండకూడదు, దశాంశానికి చుక్కే.

ఇక మీ నాన్నగారి స్థలం. అసలు విషయం ఉన్నది ఇందులోనే, కాబట్టి కాస్త నిదానంగా వెళదాం.

డెల్టాలో స్థలం అంటే మూలమట్టం పెట్టిన దీర్ఘచతురస్రం కాదు. ఒక పక్క కాలువ గట్టు, ఇంకో పక్క కొబ్బరితోట కంచె, మరో పక్క పుంత. కాలువ ఎటు వంగితే స్థలం అటు వంగుతుంది. అందుకే అడ్డం–నిలువు అంకెలు కాదు, ఒక రాయి నుంచి ఇంకో రాయికి దూరం, దిక్కు కొలుస్తారు. అలాంటి కొలతలకు పోలార్ తప్ప వేరే దారి పట్టకండి.

నేను గీసిన స్థలాల తీరులోనే ఒక ఉదాహరణ తీసుకుందాం. కాలువ గట్టు స్థలానికి దక్షిణపు హద్దు. నాలుగు రాళ్లు. ఫీల్డ్ బుక్‌లో ఇలా ఉంది: మొదటి రాయి నుంచి గట్టు వెంట రెండో రాయికి 40 మీటర్లు, బేరింగ్ 78 డిగ్రీలు. రెండో దాని నుంచి మూడో దానికి 25 మీటర్లు, 348 డిగ్రీలు. మూడో దాని నుంచి నాలుగో దానికి 38 మీటర్లు, 260 డిగ్రీలు. నాలుగో రాయి నుంచి తిరిగి మొదటి రాయికి 26.40 మీటర్లు, 172 డిగ్రీల 24 నిమిషాలు.

ఈ డిగ్రీలు ఉన్నవి ఉన్నట్టు కొట్టేస్తారు చాలామంది. ఆగండి. దిక్సూచి ఉత్తరాన్ని సున్నాగా పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపు లెక్కిస్తుంది. ఆటోక్యాడ్ తూర్పును, అంటే మీ కుడిచేతి వైపును సున్నాగా పెట్టుకుని, దానికి ఎదురు తిప్పుతుంది. కాబట్టి 90 లోంచి బేరింగ్ తీసేయాలి, రుణం వస్తే 360 కలపాలి. 78 కాస్తా 12 అవుతుంది. 348 తీస్తే -258, అంటే 102. 260 తీస్తే -170, అంటే 190. చివరిది 172 డిగ్రీల 24 నిమిషాలు తీస్తే 277 డిగ్రీల 36 నిమిషాలు. ఇప్పుడు ఇలా కొట్టాలి.

```
PLINE
100,100
@40<12
@25<102
@38<190
@26.4<277d36'
```

మొదటి రాయిని 100,100 దగ్గర పెట్టడం నా సౌకర్యం. 0,0 దగ్గర పెట్టినా ఆకారం అదే. కాకపోతే నాలుగో రాయి కాస్త ఎడమకు జరిగి అడ్డపు విలువ రుణంలోకి పోతుంది, పట్టిక రాసేటప్పుడు కళ్లకు అడ్డం.

నిమిషాలను d తోనూ ' తోనూ కొట్టండి, దశాంశంగా మార్చేటప్పుడు తప్పు చేయకండి. 24 నిమిషాలు అంటే 0.24 డిగ్రీ కాదు, 0.4 డిగ్రీ. 172.24 అనుకుని లెక్క వేస్తే 26 మీటర్ల భుజం చివర ఏడు సెంటీమీటర్లు పక్కకు పోతుంది. ఇటుక గోడ వెడల్పులో మూడో వంతు.

ఈ తీసివేతలు వద్దనుకుంటే ఇంకో దారి. సర్వేయర్ పద్ధతిలో దిక్కును పేరుతోనే కొట్టవచ్చు. 78 డిగ్రీలంటే ఉత్తరం నుంచి తూర్పుకు 78, అంటే N78dE. 348 అంటే ఉత్తరం నుంచి పడమరకు 12. 260 అంటే దక్షిణం నుంచి పడమరకు 80. చివరిది దక్షిణం నుంచి తూర్పుకు 7 డిగ్రీల 36 నిమిషాలు.

```
@40<N78dE
@25<N12dW
@38<S80dW
@26.4<S7d36'E
```

రెండింటికీ బొమ్మ ఒకటే. UNITS లోకి వెళ్లి సున్నా దిక్కును ఉత్తరంగా, తిరుగుడును గడియారం వైపుగా మార్చుకుంటే బేరింగులు నేరుగా కొట్టుకోవచ్చు, అది మూడో దారి. కానీ ఆ మార్పు ఆ ఫైల్‌లోనే నిలిచిపోతుంది. తర్వాత ఆ ఫైల్ తెరిచినవారు ఏదో ఒకటి 90 డిగ్రీలు తిప్పబోయి తల పట్టుకుంటారు. నేను వాడను.

చివరి భుజం గీయడానికి C కొట్టనందుకు మీకు అనుమానం రావాలి. గదికి C కొట్టాను, స్థలానికి కొట్టలేదు. గదిని మనమే నిర్ణయించాం, అక్కడ తప్పు ఉండే వీలు లేదు. స్థలాన్ని ఎవరో ఎండలో నిలబడి కొలిచారు. C కొడితే ఆటోక్యాడ్ నాలుగో రాయి ఎక్కడ ఉన్నా సరే మొదటి రాయికి గీత లాగేస్తుంది, కొలతల్లో తప్పు ఆ చివరి గీతలో దాక్కుంటుంది. చివరి భుజాన్ని కూడా కొలత ప్రకారమే కొట్టండి, అది మొదటి రాయి మీద పడుతుందో లేదో చూడండి. ఎంటర్ కొట్టి కమాండ్ ముగించి, LIST ఇచ్చి ఆ పాలీలైన్‌ను ఎంచుకుంటే బిందువులన్నీ వరసగా చూపుతుంది. పై ఉదాహరణలో చివరి బిందువు 99.997,100.003 దగ్గర వస్తుంది. అంటే నాలుగైదు మిల్లీమీటర్ల ఎడం. టేపుతో సెంటీమీటరు వరకే చదివిన కొలతలకు ఇంతకన్నా ఆశించలేం. ఇప్పుడు ఆ పాలీలైన్‌ను చెరిపి, మొదటి మూడు భుజాలు మళ్లీ కొట్టి, C తో మూసేయవచ్చు.

ఎడం మీటర్లలో ఉంటే? మూడో భుజం 38 బదులు 35 అని కొట్టారనుకోండి. మొదటి రాయి నుంచి చివరి బిందువుకు DIST కొలిస్తే సుమారు 3 మీటర్లు, కోణం సుమారు 10 డిగ్రీలు చూపుతుంది. ఆ కోణం ఊరికే రాలేదు. 190 డిగ్రీల భుజం మీద మూడు మీటర్లు తగ్గితే, గీత అంతా దానికి ఎదురు దిక్కున, 10 డిగ్రీల వైపు మూడు మీటర్లు జరుగుతుంది. కాబట్టి ఎడం ఏ దిక్కున ఉందో ఆ దిక్కుకు సమాంతరంగా ఉన్న భుజాన్ని ముందు అనుమానించాలి. ఇక్కడ మొదటి భుజం కూడా 12 డిగ్రీలే కనుక అనుమానితులు ఇద్దరు. ఆ రెండే మళ్లీ చూస్తే చాలు, నాలుగూ కొలవక్కర్లేదు. కోణంలో తప్పు ఉంటే ఇంత సులువుగా దొరకదు, ఎడం ఆ తప్పున్న భుజానికి దాదాపు అడ్డంగా వస్తుంది, ఇలాంటి స్థలంలో పక్క భుజం దిక్కుతో కలిసి మోసం చేయవచ్చు.

ఇలా మూసుకున్నా సరే పట్టుబడని తప్పు ఒకటి ఉంది. అది నా నెత్తి మీదకు వచ్చిన తర్వాతే నాకు తెలిసింది. పని కొత్తలో ఒక కొబ్బరితోట ప్లాను గీశాను. బేరింగులను తీసివేత లేకుండా అలాగే కొట్టేశాను. 78 అంటే <78, 348 అంటే <348. నాలుగు భుజాలూ మూసుకున్నాయి. విస్తీర్ణం కూడా కాగితాల్లో ఉన్న సెంట్లతో కలిసింది. ప్రింటు తీసి తోట యజమానికి సంబరంగా ఇచ్చాను. ఆయన ఆటోక్యాడ్ పేరు కూడా విని ఉండరు. కాగితం అటూ ఇటూ తిప్పి, "మా కాలువ పడమటికి ఎప్పుడు వెళ్లింది బాబూ?" అన్నారు.

ఏమైందంటే, ఉత్తరం నుంచి గడియారం వైపు లెక్కించిన కోణాన్ని తూర్పు నుంచి ఎదురువైపు లెక్కిస్తే, ప్రతి భుజానికీ అడ్డం విలువ, నిలువు విలువ తారుమారవుతాయి. మన ఉదాహరణలో మొదటి భుజం 39.13 కుడికి, 8.32 పైకి పోవాలి, 8.32 కుడికి, 39.13 పైకి పోతుంది. అన్ని భుజాలకూ ఒకేలా తారుమారు కనుక బొమ్మ అద్దంలో ప్రతిబింబంలా వస్తుంది. భుజాల పొడవులు అవే, మూసుకునే ఎడం అంతే, విస్తీర్ణం అంతే. ఉదాహరణలో సుమారు 1001 చదరపు మీటర్లు, అంటే 24.7 సెంట్లు, ఎటు గీసినా అదే. కాలువ మాత్రం దక్షిణం నుంచి పడమటికి వస్తుంది. తిప్పితే సరిపోతుందని అనుకోకండి, ప్రతిబింబాన్ని ఎంత తిప్పినా అసలు బొమ్మ కాదు. కాబట్టి మూసుకుందని తృప్తి పడకుండా, మొదటి భుజం ఏ దిక్కుకు పోయిందో కంటితో చూడండి. 78 డిగ్రీల బేరింగ్ అంటే దాదాపు తూర్పు. తెరమీద గీత దాదాపు అడ్డంగా ఉండాలి, నిలువుగా లేస్తే అక్కడే ఆగిపోండి.

పోలార్‌లో ఇంకో జాగ్రత్త. తెరమీద కనిపించిన కోణాన్ని తీసుకుని మళ్లీ కొట్టకండి. మామూలు సెట్టింగులలో ఆటోక్యాడ్ కోణాన్ని దశాంశం లేకుండా చూపుతుంది. నాలుగో భుజాన్ని 278 అని చూపుతుంది, లోపల మాత్రం 277.6 భద్రంగా ఉంటుంది. మీరు 278 కొడితే 26.4 మీటర్ల చివర 18 సెంటీమీటర్లు తేడా. UNITS లో కోణానికి దశాంశాలు పెంచుకుంటే చూపేది మారుతుంది, లోపలి విలువ ఎప్పుడూ మారదు.

స్థలం గీశాక దానిలో ఇల్లు పెట్టేటప్పుడు @ కు ఇంకో ఉపయోగం ఉంది. @ అంటే ముందు బిందువు అన్నాను కదా, ఆ ముందు బిందువు మీరు గీసినదే కానక్కర్లేదు, ఆటోక్యాడ్ చివరగా గుర్తుపెట్టుకున్న ఏ బిందువైనా. ID కమాండ్ ఇచ్చి గది మూల మీద క్లిక్ చేయండి. తర్వాత LINE ఇచ్చి మొదటి బిందువుగా @1.2,0 కొట్టండి. మూల నుంచి 1.2 మీటర్ల దగ్గర తలుపు గీత మొదలవుతుంది, సహాయ గీతలు గీసి చెరపాల్సిన పని లేదు. ప్రమాదం కూడా ఇక్కడే. ID తర్వాత మధ్యలో వేరే ఏదైనా కమాండ్‌లో క్లిక్ చేస్తే ముందు బిందువు మారిపోతుంది, తలుపు పక్కింట్లో తేలుతుంది.

మరి ఆబ్సల్యూట్ ఎప్పుడు? జీపీఎస్ పరికరంతో రాళ్లకు కోఆర్డినేట్లు తీసి ఇచ్చినప్పుడు. భూమిని మండలాలుగా విడగొట్టి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో మన కోనసీమ 44వ మండలంలో ఉంది కనుక తూర్పు విలువ ఆరు లక్షలకు అటూ ఇటూ, ఉత్తరం విలువ పద్దెనిమిది లక్షల పైన ఉంటాయి. వాటిని లక్షల కామాలు లేకుండా, @ లేకుండా, డైనమిక్ ఇన్‌పుట్ ఆపి కొట్టాలి. కొట్టాక ఏమీ కనబడకపోతే కంగారు పడకండి, మీరు 0,0 దగ్గర చూస్తున్నారు, గీత అక్కడికి దాదాపు రెండు వేల కిలోమీటర్ల దూరంలో ఉంది. ZOOM ఇచ్చి E కొట్టండి. పరికరం నుంచి వచ్చిన పట్టికలో ఏది తూర్పు, ఏది ఉత్తరం అనేది ముందే చూసుకోండి. కొన్ని పట్టికలు ఉత్తరం ముందు రాస్తాయి, ఆటోక్యాడ్‌కు తూర్పే ముందు. తారుమారైతే మళ్లీ అదే అద్దం బొమ్మ.

మీ నాన్నగారి కొలతలు ఇక్కడ పెట్టండి, దూరాలు, డిగ్రీలు, ఏ పక్క కాలువో, ఏ పక్క రోడ్డో కూడా రాయండి. డిగ్రీలు దిక్సూచితో తీసినవా, లేక ఒక్కో రాయి దగ్గర రెండు భుజాల మధ్య లోపలి కోణాలా అనేది తప్పకుండా చెప్పండి. లోపలి కోణాలైతే పైన చెప్పిన తీసివేత పనికిరాదు, ముందు ప్రతి భుజానికీ బేరింగ్ కట్టుకోవాలి.